ఇద్దరి యూట్యూబ్ ఛానల్: సగం-సగమా, పనిని బట్టా, కూలి పోను వాటానా?

"ఛానల్ ఇద్దరం కలిసి నడుపుతున్నాం, డబ్బులు ఎలా పంచుకుంటే మేలు?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. దాదాపు అందరిదీ ఒకే పరిస్థితి. ఒకరు స్క్రిప్టు రాసుకుని కెమెరా ముందు మాట్లాడతారు, రెండోవారు షూటింగ్, ఎడిటింగ్ చూసుకుంటారు. డబ్బు మాత్రం ఒకరి ఖాతాలోకే వస్తుంది, ఎందుకంటే ఒక ఛానల్‌కు యాడ్‌సెన్స్ ఖాతా ఒక్కటే ఉంటుంది. యూట్యూబ్ తానుగా ఇద్దరికీ పంచి ఇవ్వదు. ఎవరి పేరుమీద ఆ ఖాతా ఉందో, ఆదాయపు పన్ను లెక్కలో మొత్తం వాళ్లదిగానే కనిపిస్తుంది.

పంపకానికి మూడు పద్ధతులున్నాయి. ఒక లెక్క వేసుకుని చూస్తే తేడా తెలుస్తుంది. వ్యవసాయం మీద వీడియోలు చేసే ఛానల్ అనుకుందాం. ఈ నెల యాడ్‌సెన్స్ నుంచి 60,000, ఒక స్పాన్సర్ నుంచి 30,000 వచ్చాయి. పెట్రోలు, నెట్, సాఫ్ట్‌వేర్ ఖర్చు 12,000. మిగిలింది 78,000. నెలకు ఎనిమిది వీడియోలు.

సగం-సగం అయితే చెరి 39,000. లెక్క తేలిక, అందుకే అందరూ దీనితోనే మొదలుపెడతారు. ఏమీ రాసుకోకపోయినా 1932 నాటి భాగస్వామ్య చట్టం చెప్పేది ఇదే: ఒప్పందం లేకపోతే లాభం సమానం, పనిచేసినందుకు ఎవరికీ విడిగా జీతం లేదు. ఒకరికి ఉద్యోగం వచ్చి శని, ఆదివారాలు మాత్రమే కుదిరే రోజు దాకా ఇది బాగానే నడుస్తుంది. ఆ తర్వాత రాత్రిళ్లు కూర్చుని ఎడిట్ చేసే మనిషికీ, ఫోన్ ఎత్తని మనిషికీ అదే 39,000.

పనిని బట్టి పంచుకోవడం దీనికి పూర్తిగా ఎదురు. వీడియోకు ఇంత అని కట్టి, నెలలో ఎవరు ఎన్ని పనులు చేశారో దాన్నిబట్టి మొత్తం పంచుతారు. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఈ నెల వచ్చిన 60,000 ఈ నెల పెట్టిన వీడియోలవే కావు. రెండేళ్ల కిందట ఇద్దరూ కలిసి చేసిన డ్రిప్ వీడియో ఇంకా చూస్తున్నారు, ఇంకా సంపాదిస్తోంది. ఎడిటర్ నెల రోజులు జబ్బుపడితే ఈ పద్ధతిలో అతనికి సున్నా. అతని చేతిపని మీద వచ్చిన డబ్బు మొత్తం రెండోవారికి పోతుంది.

అందుకే నా మొగ్గు మూడో పద్ధతి వైపు: ముందు కూలి, తర్వాత వాటా. ఎడిటింగ్‌కు వీడియోకు 2,500, స్క్రిప్టుకూ మాట్లాడటానికీ కలిపి 2,000 అని ముందే రాసుకోవాలి. ఎనిమిది వీడియోలకు ఎడిటర్‌కు 20,000, మాట్లాడేవారికి 16,000. 78,000లో ఈ 36,000 పోగా 42,000 ఉంటుంది. కెమెరా రిపేరుకో, కొత్త మైకుకో 6,000 పక్కన పెడితే మిగిలిన 36,000 చెరి సగం, అంటే 18,000. మొత్తం మీద ఎడిటర్‌కు 38,000, రెండోవారికి 34,000. ఎడిటర్ జబ్బుపడిన నెలలో ఆ 20,000 పెట్టి బయటివారితో ఎడిట్ చేయించుకోవచ్చు, అతని 18,000 మాత్రం కదలదు. అందువల్ల ఆ రేటు మీ ఊళ్లో బయటి ఎడిటర్ నిజంగా తీసుకునే రేటుకు దగ్గరగా ఉండాలి. మొహమాటానికి తక్కువ వేసుకుంటే, బయటివారిని పెట్టుకున్న నెలలో వాటాకు మిగిలేది తగ్గిపోతుంది. డబ్బు తక్కువ వచ్చిన నెలలో కూలి కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుందనే మాట కూడా చేర్చండి.

ఇది నోటిమాటతో నడవదు, ఇద్దరూ భాగస్వామ్య సంస్థగా ఏర్పడి ఒప్పందం రాసుకోవాలి. జీతం సంగతి ఒప్పందంలో లేకపోతే చట్టం దాన్ని ఒప్పుకోదని పైన చూశాం. పన్ను లెక్కలోనూ అంతే. పనిచేసే భాగస్వాములకు ఇచ్చే జీతాన్ని ఒక పరిమితి దాకా సంస్థ ఖర్చుగా చూపించుకోవచ్చు, అయితే అది ఆ ఒప్పంద పత్రంలో, అంటే పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో స్పష్టంగా రాసి ఉండాలి. మిగిలిన లాభం మీద సంస్థ 30 శాతం, దానిపై సెస్ కడుతుంది. ఆ తర్వాత పంచుకున్న వాటా మీద భాగస్వాములు మళ్లీ పన్ను కట్టరు.

పంపకం కంటే నేను పెద్దదిగా చూసేది విడిపోయే రోజు. గొడవలు ఎక్కువగా అక్కడే ముదురుతాయి. వెళ్లేవారికి ఒకేసారి ఇంత ఇచ్చి పంపేయడం ఒక దారి. కానీ ఛానల్ విలువ ఎంతో ఎవరూ గట్టిగా చెప్పలేరు. చెప్పినా అంత డబ్బు చేతిలో ఉండదు. పాత వీడియోల ఆదాయంలో కొంతకాలం వాటా ఇవ్వడం నాకు నచ్చిన దారి. మొదటి ఏడాది ఆ వీడియోల మీద వచ్చిన దానిలో పూర్తి వాటా, రెండో ఏడాది సగం, ఆపైన ఏమీ లేదు. లెక్క కూడా కష్టం కాదు. వెళ్లిన తేదీ నాటికి ఉన్న వీడియోలను యూట్యూబ్ స్టూడియో అనలిటిక్స్‌లో Groups కింద ఒక గ్రూపుగా చేసిపెడితే వాటి ఆదాయం విడిగా కనిపిస్తుంది. ఏమీ రాసుకోకుండా, లెక్క తేల్చకుండా రెండోవారు నడుపుకుంటూ పోతే, వెళ్లినవారు తన ఆస్తిని వాడి సంపాదించిన లాభంలో వాటా గానీ, తన వాటా విలువ మీద ఏడాదికి 6 శాతం వడ్డీ గానీ అడగవచ్చని భాగస్వామ్య చట్టంలోని 37వ సెక్షన్ చెబుతుంది. కోర్టులో ఆ విలువ తేల్చడం కంటే ఇప్పుడు ఒక పేరా రాసుకోవడం ఎంతో సులువు.

ఆ పేరాకు ముందు యాజమాన్యం గురించి ఒకటి ఉండాలి. వీడియోలు, థంబ్‌నెయిల్స్, ఎడిట్ చేయని ఫుటేజ్ మీద ఇద్దరి కాపీరైట్టూ సంస్థకు బదిలీ అయినట్టు సంతకాలతో రాయాలి. "ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం" అన్న మాట తప్పకుండా పెట్టండి. కాలం రాయకపోతే ఆ బదిలీ అయిదేళ్లకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని కాపీరైట్ చట్టం లెక్కగడుతుంది. మాట్లాడేవారు వెళ్లిపోయాక తన ముఖం ఉన్న పాత వీడియోలు తీసేయమని అడగకూడదనీ, ఛానల్ నడిపేవారు వెళ్లినవారి పేరుతో కొత్తవి చేయకూడదనీ ఇక్కడే రాసుకోవచ్చు.

తాళాల సంగతీ రాయండి. ఛానల్ ఒకరి సొంత ఖాతాలో కాకుండా గూగుల్ బ్రాండ్ అకౌంట్‌లో ఉంటే ఇద్దరూ ఓనర్లుగా ఉండొచ్చు, కానీ Primary owner ఒక్కరే. ఆ స్థానంలో ఏ ఒక్కరి సొంత జీమెయిలో కాకుండా సంస్థ కోసం తెరిచిన గూగుల్ ఖాతా పెట్టి, దాని రికవరీ ఫోన్ ఒకరిది, రికవరీ మెయిల్ రెండోవారిది ఇవ్వండి. యాడ్‌సెన్స్ కూడా సంస్థ పాన్‌తో, సంస్థ కరెంట్ ఖాతాకు పడేలా చూసుకోవాలి.

డీడ్ స్టాంపు పేపర్ మీద రాసి ఊరుకోకుండా రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించండి. నమోదు కాని సంస్థలో ఒక భాగస్వామి ఒప్పందాన్ని అమలు చేయమని ఇంకొకరి మీద దావా వేయలేరు. సంస్థను రద్దు చేయమనో, రద్దయినదాని లెక్కలు తేల్చమనో, దాని ఆస్తి రాబట్టుకోవడానికో మాత్రమే వెళ్లగలరు. ఎల్‌ఎల్‌పీ, ప్రైవేట్ లిమిటెడ్ అనే వేరే రకం సంస్థలు కూడా ఉన్నాయి గానీ, ఆదాయం ఉన్నా లేకున్నా ఏటా ఫైలింగులు తప్పవు. నెలకు లక్ష లోపు ఛానల్‌కు నేనైతే చెప్పను. ఒకరే యజమానిగా ఉండి రెండోవారికి జీతం ఇవ్వడం, మొదటినుంచీ ఆ మాట మీదే పనిచేసిన చోట సరిపోతుంది.

ఇంకో క్లాజు రాయడానికి చాలామంది ఇబ్బంది పడతారు. ఇద్దరే ఉన్న సంస్థలో ఒకరు చనిపోతే సంస్థ అక్కడితో ఆగిపోతుంది, ఒక్కరితో భాగస్వామ్యం ఉండదు కాబట్టి. అప్పుడు ఛానల్ రెండోవారికి చెందుతుందనీ, వెళ్లేవారికి అనుకున్న రెండేళ్ల వాటానే చనిపోయినవారి భార్యకో, భర్తకో, అమ్మానాన్నలకో అందుతుందనీ, ఎవరికో పేరుతో సహా రాయండి.