‘పది సెకన్లలో డీఐ’ మెటీరియల్ కొనేముందు ఈ ఒక్క లెక్క చేసి చూడండి

బ్యాంకు పరీక్షలు, ఐసెట్, క్యాట్ పేరు చెప్పి అమ్ముతున్న డేటా ఇంటర్‌ప్రిటేషన్ షార్ట్‌కట్ పుస్తకాలు, పీడీఎఫ్‌లు, వీడియో కోర్సులు చాలావాటిలో ఒకే లోపం కనిపిస్తోంది. ‘అంకెల్ని దగ్గరి వందకు మార్చేయండి, ఆప్షన్ దొరికిపోతుంది’ అంటారు. ఎక్కడ మార్చకూడదో మాత్రం చెప్పరు. డబ్బు పోతే పోయింది, పరీక్షలో మార్కు కూడా పోతుంది. అందుకే ఈ హెచ్చరిక.

పట్టికలో ఒక ఏడాది ఉత్పత్తి 3,847, మరుసటి ఏడాది 4,362 అనుకోండి. పెరుగుదల ఎంత శాతం? ఆప్షన్లు 11.8, 13.4, 14.6, 15.8. ఆ మెటీరియల్ చెప్పినట్టు చేస్తే 3,800, 4,400 అవుతాయి. తేడా 600. దాన్ని 3,800తో భాగిస్తే 15.8 శాతం. ఆప్షన్లలో అచ్చంగా అదే ఉంది కాబట్టి అనుమానం కూడా రాదు, టిక్ పెట్టేస్తాం. కానీ అసలు తేడా 515. రెండు సంఖ్యల్లో ఒక్కోదాన్ని నలభై, యాభై మాత్రమే జరిపాం, అదీ ఒకటి కిందికి, ఒకటి పైకి. ఆ రెండూ కలిసి 515 మీద 85 పడ్డాయి. పెద్ద సంఖ్యల్లో ఒక శాతమంత పొరపాటు, వాటి తేడాలో పదహారు శాతం దాటింది.

కాబట్టి తీసివేత ఉన్నచోట ముందు కచ్చితంగా తీసివేయాలి, ఆ తర్వాతే ఉజ్జాయింపు. ఇక్కడ భాగహారం కూడా అక్కర్లేదు. 3,847లో 10 శాతం 385, 3 శాతం 115, మొత్తం 500. ఇంకా 15 మిగిలింది, అది 0.4 శాతం. జవాబు 13.4. అలవాటైన చేతికి ఇది కష్టమేమీ కాదు.

రెండో తప్పు భాగహారంలో వస్తుంది. 6,153లో 2,746 ఎంత శాతం అన్నారు, ఆప్షన్లలో 43.5, 44.6 పక్కపక్కనే ఉన్నాయి. పైదాన్ని 2,700కు దించి, కిందదాన్ని 6,200కు పెంచితే 43.5 వస్తుంది, తప్పు. పైది తగ్గితే జవాబు తగ్గుతుంది, కిందది పెరిగినా తగ్గుతుంది. రెండు పొరపాట్లూ ఒకే వైపు లాగాయి. రెండింటినీ ఒకే దిశలో, దాదాపు ఒకే శాతం జరపాలి. 2,746 నుంచి 46 తీశామంటే సుమారు 1.7 శాతం తీసినట్టు. 6,153లో అంతే శాతం అంటే 100 పైచిలుకు, అది తీస్తే 6,050. ఇప్పుడు 2,700ను 6,050తో భాగిస్తే 44.6 వస్తుంది.

ఎంత వరకు జరపవచ్చు అన్నది ఆప్షన్లే చెబుతాయి. 43.5కూ 44.6కూ మధ్య దూరం 1.1, అంటే జవాబులో సుమారు 2.5 శాతం. మన పొరపాటు అందులో సగం, 1.2 శాతం లోపే ఉండాలి. ఆప్షన్లు 30, 45, 60 అయితే ఎలా జరిపినా నడుస్తుంది. ‘ఇవేవీ కావు’ అనే ఆప్షన్ ఉండి, ప్రశ్నలో ‘సుమారుగా’ అన్న మాట లేకపోతే ఉజ్జాయింపు జోలికి పోవద్దు.

‘పాత పేపర్ల నుంచి’ అని అట్ట మీద రాసినదాన్ని ఇక్కడే అనుమానించాలి. ఐబీపీఎస్ ప్రశ్నపత్రాలు విడుదల చేయదు. ఆ పేరుతో అమ్మేవి రాసొచ్చినవాళ్ల జ్ఞాపకం మీద తయారుచేసినవి. ప్రశ్న గుర్తుంటుందేమో, ఐదు ఆప్షన్లూ దశాంశాలతో సహా ఎవరికి గుర్తుంటాయి? ఆ ఖాళీలను పుస్తకం తయారుచేసేవాళ్లే నింపుతారు, అదీ ఎడంగా. వాటితో సాధన చేస్తే ఏ అడ్డదారైనా పనిచేస్తున్నట్టే ఉంటుంది. ఆప్షన్ల దూరం చూడటం నేర్చుకోవాలంటే ఐసెట్ మాస్టర్ ప్రశ్నపత్రాలో, క్యాట్ రెస్పాన్స్ షీట్లలోని ప్రశ్నలో తీసుకోవాలి, అవి అసలువి.

డబ్బు కట్టేముందు శాంపిల్ పేజీలు తెరవండి. మొత్తం 7,200, గుండ్రటి పై చార్టులో 25 శాతం, 90 డిగ్రీలు లాంటి చక్కగా తెగే అంకెలే కనిపిస్తే మూసేయండి. సాధించిన లెక్కలో ఆప్షన్లు వేయకుండా జవాబు మాత్రమే ఇచ్చినా అంతే. పెరుగుదల శాతం లెక్క ఒకటి వెతికి, తీసివేతకు ముందే సున్నాలు పెట్టారేమో చూడండి.

క్యాట్ కోసం కొనేవాళ్లకు ఇంకో మాట. అక్కడ తెర మీదే కాలిక్యులేటర్ ఇస్తారు. ఆప్షన్లు లేకుండా జవాబు టైప్ చేయాల్సిన ప్రశ్నలూ ఉంటాయి, వాటిలో ‘దగ్గరి’ జవాబుకు మార్కు రాదు. సగం పేజీలు గుణకారం చిట్కాలతో నిండిన క్యాట్ డీఐ ప్యాకేజీ ఎంత చవకైనా దండగే.