అధ్యాయాల మధ్య ఏది మేలు: పేపర్ వార్తా, ఆఫీసు నోటీసా?

నవలంతా ఒకే మనిషి కళ్లతో నడిపితే పాఠకుడు అతనికి బాగా దగ్గరవుతాడు. కానీ అతను నిద్రపోతే కథాలోకమంతా నిద్రపోతుంది. అతను లేని గదిలో ఎవరేం మాట్లాడుకున్నారో చెప్పే దారుండదు. అందుకే చాలామంది రచయితలు అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య ఒక పేపర్ కటింగో, ప్రభుత్వ ప్రకటనో పెడతారు. రెండింటినీ ఒకే పనిముట్టు అనుకుని, ఒకదాని బదులు ఇంకొకటి వాడేయడం ఎక్కువగా చూస్తుంటాను. అవి చేసే పనులు వేరు. ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం.

కథానాయకుడు ఒక జలాశయం దగ్గర రాత్రి కాపలాదారు. అది మట్టికట్ట. మట్టికట్ట కింద కొద్దిగా ఊట నీరు రావడం మామూలే. ఆ నీరు తేటగా ఉన్నంతవరకు సాధారణంగా భయం లేదు. బురదగా వస్తే మాత్రం కట్ట లోపలి మట్టి నీళ్లతో కొట్టుకుపోతోందని అర్థం. నాలుగో అధ్యాయం చివర మనవాడు లాంతరు వెలుగులో చూస్తే ఊట ఎర్రగా కనిపిస్తుంది. అయిదో తేదీన కాగితం మీద రాసి ఇస్తాడు. వారం దాకా ఉలుకూ పలుకూ ఉండదు. అడిగితే, "నీ కాగితమేదీ మాకు అందలేదే" అంటాడు ఇంజినీరు. ఇప్పుడు అయిదో అధ్యాయానికి ముందు ఏం పెట్టాలి?

మొదట పేపర్ వార్త రాసి చూద్దాం.

> కట్టకు ముప్పు లేదు
> జలాశయం కట్టకు ఎలాంటి ప్రమాదం లేదని, వదంతులు నమ్మవద్దని కార్యనిర్వాహక ఇంజినీరు స్పష్టం చేశారు. మంగళవారం సిబ్బందితో కలిసి ఆయన కట్టను పరిశీలించారు. ఊట నీరు రావడం సహజమేనన్నారు. వారం రోజుల్లో గేట్లకు రంగులు వేయిస్తామని తెలిపారు. కాగా, వాగులో నీళ్లు బురదగా ఉండడంతో బట్టలు ఉతకడానికి వచ్చినవారు వెనుదిరిగారు.

ఇందులో నాకు పనికొచ్చేది చివరి వాక్యం. వార్తలో ముఖ్యమైనది పైన, అప్రధానమైనది కింద రాయడం విలేకరుల పద్ధతి. పేజీలో చోటు చాలకపోతే సబ్‌ఎడిటర్ కింది నుంచి కత్తిరిస్తాడు. అంటే వార్త అడుగున ఉన్నది విలేకరి దృష్టిలో పోయినా ఫర్వాలేనిది. పాఠకుడికి మాత్రం అదే అసలు వార్త, ఎందుకంటే ఎర్రటి ఊటను అతను కాపలాదారుతో కలిసి ముందే చూశాడు. విలేకరికి తెలియనిది పాఠకుడికి తెలియడమే పేపర్ కటింగ్ బలం. ఆ తేడా లేకపోతే కటింగ్ ఎందుకు? ఇంజినీరు అబద్ధమాడాడని ఇంకో పాత్ర చేత చెప్పించినా సరిపోతుంది.

1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా'లో ఈ పని చక్కగా జరిగింది. తుఫానులో ఒక ఓడ తీరానికి కొట్టుకొస్తుంది. చుక్కాని చక్రానికి కట్టేసుకుని చనిపోయిన కెప్టెన్ తప్ప డెక్ మీద మనిషి జాడ లేదు. ఓడ ఒడ్డుకు తగలగానే పెద్ద కుక్క ఒకటి దూకి చీకట్లో మాయమవుతుంది. ఇదంతా పత్రికా కథనంగానే వస్తుంది. విలేకరి ఆసక్తంతా తుఫాను మీద, కెప్టెన్ మీద, ఆ కుక్క మీద. ఓడలో మట్టి నింపిన పెద్ద పెట్టెలున్నాయని, అవి ఫలానా న్యాయవాదికి చేరాలని సరుకుల వివరంగా చెప్పేసి ముందుకెళ్లిపోతాడు. అంతకుముందు కోటలో రక్తపిశాచి డ్రాకులా అలాంటి పెట్టెలోనే పడుకుని ఉండడం చూసి వచ్చిన పాఠకుడికి ఒళ్లు జలదరించేది ఆ సరుకుల వివరం దగ్గరే. విలేకరి కనుక పెట్టెల గురించి అనుమానపడి ఉంటే ఆ భయంలో సగం పోయేది.

ఇప్పుడు అదే చోట నోటీసు.

> ప్రకటన
> సూచిక: రాత్రి కాపలాదారు నివేదిక, తేది 5.
> అత్యవసర మరమ్మతుల నిమిత్తం 14వ తేది సాయంత్రం 6 గంటల నుండి కట్టపై రాకపోకలు నిషేధించడమైనది. వాగు గట్టున నివసించువారు తదుపరి ఉత్తర్వుల వరకు రాత్రివేళల అప్రమత్తముగా ఉండవలెను.
> (సం.) కార్యనిర్వాహక ఇంజినీరు
> నకలు: పోలీసు స్టేషన్‌కు, ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులకు, భవనము ఖాళీగా ఉంచు నిమిత్తం.

నోటీసులో కథ ఎక్కడుందో చూడండి. మధ్యలో ఉన్న విషయం చాలా చప్పగా ఉంది, అలాగే ఉండాలి కూడా. కథంతా పైనా కిందా ఉన్న ఆఫీసు లాంఛనాల్లో ఉంది. కాగితం అందలేదన్న ఇంజినీరు, సూచికలో అదే కాగితాన్ని తేదీతో సహా ఉదహరించాడు. అబద్ధం ఎవరూ వేలెత్తి చూపకుండానే దొరికిపోయింది. నకలు ఎవరెవరికి వెళ్లిందో చూస్తే, జనాన్ని తరలించాల్సి రావచ్చని ఆఫీసుకు ముందే తెలుసని అర్థమవుతుంది. జనానికి చెప్పింది మాత్రం 'అప్రమత్తముగా ఉండవలెను' అని. తెలిసినదానికీ చెప్పినదానికీ మధ్య ఉన్న దూరం ఆ ఒక్క నకలు వరుసలో కనబడుతుంది.

ఇంకో పెద్ద తేడా ఉంది. వార్త ఏం జరిగిందో చెబుతుంది, నోటీసు తానే ఒక పని చేస్తుంది. అది గోడకెక్కిన క్షణం నుంచి కట్ట మీద దారి లేదు. మనవాడు రోజూ ఇంటికెళ్లేది ఆ దారినే అయితే, 14వ తేదీ రాత్రి అతను చుట్టుదారిన వెళ్లాలి, లేదా కట్ట దగ్గరే ఉండిపోవాలి. అంటే నోటీసు కథను ముందుకు తోసింది. పైగా అయిదో అధ్యాయం 12వ తేదీన మొదలైతే, పాఠకుడు ప్రతి పేజీలోనూ 14 ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకుంటాడు. అలాంటి గడియారాన్ని వార్త అంత తేలిగ్గా తగిలించలేదు.

అందుకే ఈ చోట నేను నోటీసునే ఎంచుకుంటాను. ప్రమాదం జరగకముందు పేపర్ దగ్గర ఉండేది ఖండనలూ వదంతులే. వాటితో వ్యంగ్యం పుడుతుంది కానీ ఒత్తిడి పెరగదు.

ఇంజినీరు కళ్లతోనే ఒక అధ్యాయం రాస్తే పోదా అని కొందరు అడుగుతారు. అతను నివేదికను ఎందుకు దాచాడో, పై అధికారికి భయపడ్డాడో, తన పాత తప్పు బయటపడుతుందనుకున్నాడో తెలియాల్సిన కథ అయితే అదే దారి. ఏ కాగితమూ మనిషి మనసులోకి దూరలేదు. కానీ ఒకసారి ఇంజినీరు తలలోకి వెళ్లాక పాఠకుడు అతన్ని కొంతైనా అర్థం చేసుకుంటాడు, కాపలాదారుతో ఒంటరిగా ఉన్న ఆ బిగువు సడలుతుంది. తర్వాత దాన్ని తిరిగి తెచ్చుకోవడం కష్టం. కాగితం అయితే లోకాన్ని చూపించి, మనిషిని మూసే ఉంచుతుంది.

రెండు రకాల కాగితాలనూ పాడుచేసే జబ్బు ఒకటే, పాఠకుడికి పాఠం చెప్పడం. 'ఈ ప్రాంతానికి సాగునీరందించే ఏకైక ఆధారమైన ఈ జలాశయం' అని స్థానిక పత్రిక రాయదు, ఆ సంగతి దాన్ని చదివేవాళ్లకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. రాసినదాన్ని ఆ ఊరివాడి కళ్లతో ఒకసారి చదువుకోండి. అతనికి తెలిసిందే అతనికి చెబుతున్న ప్రతి వాక్యమూ నవలా పాఠకుడి కోసం దొంగచాటుగా పెట్టిందే. కొట్టేయండి. నోటీసులో ఈ తప్పు ఇంకా తొందరగా పట్టుబడుతుంది, ఎందుకంటే ఆఫీసు ఎప్పుడూ కారణాలు వివరించదు. 'మరమ్మతుల నిమిత్తం' అని ఊరుకుంటుంది. మరమ్మతు ఎందుకో వివరించే నోటీసు రాశారంటే అక్కడ మాట్లాడుతున్నది ఇంజినీరు కాదు, మీరే.

కాగితం అవసరమో కాదో తేల్చుకోవడానికి నేను చేసే పని ఇది. కాగితాలన్నీ తీసేసిన ప్రతిని ఒకరికి ఇస్తాను. ఏ లోటూ కనిపించలేదంటే అవి అలంకారాలే. కథే అర్థం కాలేదంటే, మోయలేని బరువు వాటి నెత్తిన పెట్టానన్నమాట, ఎందుకంటే కాగితాలను దాటేసి చదివేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కథ అర్థమై, ఇంజినీరుకు నిజంగా తెలియదేమోనన్న సందేహం మిగిలితే సరిగ్గా ఉన్నట్టు.

కథను కాపలాదారే 'నేను' అని చెబుతుంటే ఒక చిక్కుంది. ఈ కాగితాన్ని పుస్తకంలో పెట్టింది ఎవరు? స్టోకర్ దీనికి సులువైన దారి చూశాడు. ఆ కటింగ్‌ను ఒక పాత్ర తన డైరీలో అంటించుకుంది. మన కథలో కాపలాదారు గోడ మీది నోటీసును చించి జేబులో పెట్టుకున్నాడంటే, దాన్ని అతను చదివాడనే లెక్క. అప్పుడు సూచికలో తన నివేదిక చూసి కూడా అయిదో అధ్యాయంలో ఇంజినీరుకు మామూలుగా నమస్కారం పెట్టడం కుదరదు. 'అతను' అని మూడో మనిషి కథనంలో ఈ బాధ లేదు.

ఇక పేపర్ వార్త మాటేమిటి? దాని చోటు కట్ట తెగిన తర్వాత. అప్పుడు నోటీసుకు మిగిలేవి పరిహారం దరఖాస్తులు, గడువు తేదీలు. మనుషుల మాటలు, పొరపాటు పేర్లు, ఎవరో చూశామన్న అబద్ధాలు పేపర్‌లోనే దొరుకుతాయి. అయితే ఇక్కడ తేదీ తప్పితే తెలిసిన పాఠకుడు వెంటనే పట్టేస్తాడు. 14 అర్ధరాత్రి దాటాక రెండు గంటలకు కట్ట తెగితే, ఆ తెల్లారి పేపర్‌లో ఆ వార్త సాధారణంగా ఉండదు, అప్పటికే పేజీలు ప్రెస్‌కు వెళ్లిపోయి ఉంటాయి. అది వచ్చేది 16న. చాలామంది రచయితలు 16వ తేదీ కటింగే పెడతారు. నేనైతే 15వ తేదీది పెడతాను, ఊరు నీళ్లలో ఉండగా ఎక్కడో పొడి గడపల ముందు పడ్డ పేపర్‌లోది:

> గేట్లకు రంగులు పూర్తి
> జలాశయం గేట్లకు రంగులు వేసే పనులు బుధవారంతో ముగిశాయి. పనులను గడువులోగా పూర్తిచేసిన సిబ్బందిని కార్యనిర్వాహక ఇంజినీరు అభినందించారు.