రెండేళ్లుగా వాడుతున్న టెక్సెల్ డెన్సిటీ యాడాన్, రేవులో మసకబారిన ఒక నావ

బ్లెండర్‌లో టెక్సెల్ డెన్సిటీని, అంటే మోడల్ మీద మీటరుకు ఎన్ని టెక్స్చర్ పిక్సెళ్లు పడుతున్నాయో, కొలిచే ఈ ఉచిత యాడాన్‌ను నేను రెండేళ్లకు పైగా ప్రతి రోజూ వాడుతున్నాను. మేము అమలాపురంలో ముగ్గురం కలిసి కోనసీమ నేపథ్యంగా ఒక గేమ్ తయారు చేస్తున్నాము. అందులో రేవు లెవెల్ ఒక్కదానిలోనే రెండు వందలకు పైగా ప్రాప్‌లు ఉన్నాయి. వాటన్నిటినీ ఒకేసారి ఎంచుకుని, మీటరుకు 512 పిక్సెళ్లు, అంటే యాడాన్ చూపే లెక్కలో సెంటీమీటరుకు 5.12, అని ఒక్క మీట నొక్కి సరిచేయగలగడం నాకు ఈ యాడాన్ మీద మొదటి రోజే అభిమానం కలిగించింది. ఆ అభిమానం ఇప్పటికీ ఉంది, కానీ ఒక నావ కారణంగా అది కొంచెం మారింది.

మేము 512 ఎంచుకోవడానికి ఒక లెక్క ఉంది. మా కెమెరా అడ్డంగా 90 డిగ్రీలు చూస్తుంది కాబట్టి, రెండు మీటర్ల దూరంలో ఎదురుగా ఉన్న గోడ నాలుగు మీటర్ల మేర తెరమీద పడుతుంది. తెర వెడల్పు 1920 పిక్సెళ్లు అయితే మీటరుకు 480 వస్తాయి. ఆటగాడు సాధారణంగా ఏ వస్తువుకైనా అంతకంటే దగ్గరగా వెళ్లడు కనుక, టెక్స్చర్‌లోని ఒక చుక్కకు తెరమీద దాదాపు ఒక చుక్క దొరుకుతుంది.

ఇక నావ సంగతి. పంటు ఎక్కడానికి ఒడ్డున వేసిన చెక్క బల్లల మీద చెక్క గీతలు, మేకుల చుట్టూ పట్టిన తుప్పు మరకలు స్పష్టంగా కనిపిస్తుండగా, వాటిని ఆనుకుని కట్టేసిన ఆరు మీటర్ల నావ మాత్రం తడి గుడ్డతో తుడిచినట్టు మసకగా కనిపించేది. పలకల మధ్య తారు పూసిన సందులు నల్లటి గీతల్లా ఉండవలసినవి బూడిదరంగు చారల్లా పరుచుకున్నాయి. యాడాన్‌ను అడిగితే నావకు 5.12, బల్లలకు 5.12 అని ఒకే జవాబు వచ్చేది. అంకెను నమ్మి, నేను తప్పును మిగతా చోట్లన్నిటా వెతికాను. గేమ్ ఇంజిన్ టెక్స్చర్‌ను దిగుమతిలో చిన్నది చేస్తున్నదేమో అని చూశాను, కుదింపు పద్ధతి మార్చాను, చివరకు ఆ టెక్స్చర్‌ను 2048 నుంచి 4096కు పెంచాను. నావ కొంత మెరుగుపడింది, కానీ బల్లల పక్కన ఇంకా తేలిపోతూనే ఉంది. పైగా అదే టెక్స్చర్‌ను పంచుకుంటున్న తెడ్లు, గంపలు, కొబ్బరికాయల రాశి అవసరం లేకపోయినా మీటరుకు 1024కు చేరాయి, మెమరీ నాలుగు రెట్లయింది. దాంతో మళ్లీ 2048కే తగ్గించాను.

మా బృందంలో పెద్దావిడ, మేమంతా అక్కా అని పిలిచేవారు, నావ మీదా బల్లల మీదా గళ్ల టెక్స్చర్ వేసి చూపించారు. అది 2048 కొలతలో, ఒక్కో గడి 64 పిక్సెళ్లు ఉండే మామూలు గళ్ల బొమ్మ. మీటరుకు 512 నిజమైతే ఒక్కో గడి పన్నెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. బల్లల మీద అలాగే ఉంది. "తమ్ముడూ, నావ మీద ఒక గడి పక్కన బల్ల మీద గళ్లు ఎన్ని పడుతున్నాయో లెక్కపెట్టు" అన్నారు. సరిగ్గా మూడు పడ్డాయి.

ఆ మూడు ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. నావను నేను మొదట రెండు మీటర్ల పొడవుతో చేసి, 512 పెట్టి, తర్వాత రేవులో చిన్నదిగా కనిపించిందని ఆబ్జెక్ట్ మోడ్‌లో మూడు రెట్లు పెంచాను. `N` నొక్కితే వచ్చే పట్టీలో `Scale` మూడు గడుల్లోనూ 3.000 అని ఉంది. నేను వాడుతున్న యాడాన్ మెష్‌కు సొంతమైన కొలతలనే చదువుతుంది తప్ప, ఆబ్జెక్ట్ మీద ఉన్న స్కేలును లెక్కలోకి తీసుకోదు. అది చేసే లెక్క ఇది:

```
TD = texture_px * sqrt(uv_area / mesh_area)
```

నావ లోపలా బయటా కలిపి నిజమైన వైశాల్యం సుమారు 20 చదరపు మీటర్లు. యాడాన్‌కు కనిపించినది అందులో తొమ్మిదో వంతు, అంటే 2.2 మాత్రమే. కాబట్టి అది ఉమ్మడి టెక్స్చర్‌లో ఏడో వంతు చోటు ఇచ్చి 512 అయిందని చెప్పింది, కానీ తెరమీద ఉన్నది మీటరుకు 171. రెండు మీటర్ల దూరంలో అలాంటి ఒక్కో టెక్సెల్ తెరమీద దాదాపు మూడు పిక్సెళ్ల వెడల్పున సాగుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఆ మధ్యలో పడే పిక్సెళ్లకు చుట్టూ ఉన్న నాలుగు టెక్సెళ్ల రంగులను కలిపి ఇస్తుంది కనుక, నల్లటి సందు అంచు నెమ్మదిగా గోధుమరంగులోకి కరిగిపోతుంది. రేవంతా 171లోనే ఉండి ఉంటే అది మా శైలి అనుకునేవారేమో. అదే దూరంలో, అదే వెలుగులో పక్కనే పదునైన చెక్క ఉండడం వల్లనే నావ ఒక మసక మరకలా తేలింది. అవసరానికి మించిన డెన్సిటీ మాత్రం ఇలా బయటపడదు. కార్డు దానికి చిన్న మిప్‌మ్యాప్‌ను, అంటే అదే టెక్స్చర్‌కు ముందే చేసి ఉంచిన చిన్న నకలును, ఎంచుకుంటుంది, నష్టమంతా మెమరీలోనే జరుగుతుంది.

`Ctrl+A` నొక్కి `Scale` వర్తింపజేయగానే యాడాన్ 1.71 అని నిజం చెప్పింది. కానీ మళ్లీ 5.12 పెట్టగానే నావ యూవీ ముక్కలు, అంటే దాని ఉపరితలాన్ని విప్పి టెక్స్చర్ మీద పరిచిన ముక్కలు, మూడింతలు పెరిగి హద్దులు దాటిపోయాయి. ఒక 2048 టెక్స్చర్ మీటరుకు 512 చొప్పున 16 చదరపు మీటర్లనే కప్పగలదు, ముక్కల మధ్య సందులు పోగా మాకు 11 దాకా మిగులుతాయి. అందుకని నావకు సొంత టెక్స్చర్ ఇచ్చి, ఎడమ వైపు యూవీని కుడి వైపు దాని మీదే పేర్చాను. 20 కాస్తా 10 అయి అందులో ఇమిడింది. అయితే నావ మీద రాసిన పేరు ఒక వైపు తిరగబడి కనిపిస్తుంది. ఆ పేరును తీసి, పలకకు ఆనించిన వేరే పలుచని ముక్క మీద రాయవలసి వచ్చింది.

అంకె మీద అంత నమ్మకం పెట్టుకోవడం తప్పని అదే వారంలో మరోసారి తెలిసింది. యాడాన్ చూపేది ఒక వస్తువంతటికీ సగటు. నావకు 5.12 అని వచ్చాక కూడా ముందు కొసన గళ్లు 20 సెంటీమీటర్లు, మధ్యలో 9 సెంటీమీటర్లు ఉన్నాయి. కొస పలకలను విడిగా విప్పినందువల్ల వచ్చిన తేడా అది. యూవీ ఎడిటర్‌లో `Average Islands Scale` నడిపి, తర్వాత యాడాన్‌లో 5.12 పెడితే సర్దుకుంది. ఇప్పుడు నేను పాటించే వరుస కూడా అదే: స్కేలు, సగటు, యాడాన్, ఆఖరున గళ్లు.

అన్నిటికీ ఒకే అంకె పెట్టే ఆ ఒక్క మీటను మొదట్లో ఎంతో మెచ్చుకున్నాను గానీ, ఇప్పుడు రేవు మొత్తానికి దాన్ని వాడను. ఆటగాడు చేత్తో పట్టుకునే గొడ్డలికి, కొడవలికి 1024, ఏటి ఆవలి ఒడ్డుకు, కొబ్బరి చెట్ల మట్టలకు 256 సరిపోతాయి. ఒకదాన్నొకటి తాకుతూ ఉండే వస్తువుల మధ్య మాత్రం తేడా రానివ్వను.

మా లాంటి చిన్న బృందానికి, నాలుగు జీబీ గ్రాఫిక్స్ మెమరీతో నెట్టుకొచ్చే లాప్‌టాప్‌కు ఈ యాడాన్ బాగా పనికివచ్చింది, నేను దీన్ని వదలను. స్కేలు వర్తించని మోడళ్లు బయటి నుంచి తెచ్చుకుని నేరుగా వాడేవారికి మాత్రం గళ్ల టెక్స్చర్ పక్కన లేకుండా దీన్ని వాడమని చెప్పలేను. స్కేలు 1 కాకపోతే ఒక హెచ్చరిక చూపే వెర్షన్ వస్తే ఈ మాట మార్చుకుంటాను.