మగ్గం అట్టలు, బాబేజ్ అట్టలు

ఫ్రాన్స్‌లోని లియాన్‌లో 1804లో జోసెఫ్ మరీ జకార్డ్ చేసిన మగ్గంలో ఒక్కో పేక పోగుకి రంధ్రాలు పొడిచిన ఒక్కో అట్ట. అట్టకి సూదులు ఆనుతాయి. రంధ్రం ఉన్నచోట సూది లోపలికి దూరిపోతుంది, దాని కొక్కెం పడుగు దారాన్ని పైకి లేపుతుంది. రంధ్రం లేకపోతే సూది వెనక్కి నెట్టుకుపోతుంది, దారం కిందే ఉంటుంది. ఒక్క రంధ్రం తప్పు పడితే చాలు, ఆ పొరపాటు బట్ట మీది ప్రతి పువ్వులోనూ అదే చోట కనిపిస్తుంది.

ఇంగ్లాండ్‌లో ఛార్లెస్ బాబేజ్ 1836లో ఈ అట్టల్నే తన అనలిటికల్ ఇంజిన్ అనే లెక్కల యంత్రానికి తీసుకున్నాడు. రంధ్రం పని అదే, కానీ ఆయన అట్టల్ని విడగొట్టాడు. నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. ఏ లెక్క చెయ్యాలో ఒక వరస చెబుతుంది, ఏ అంకెల మీద చెయ్యాలో ఇంకో వరస చెబుతుంది. (a+b)×c కావాలంటే మొదటి వరసలో కూడిక, గుణకారం అట్టలు రెండే. అంకెలు వేరే గడుల్లో ఉంటే రెండో వరస మారిస్తే సరిపోతుంది.

మగ్గం తన అట్టల్ని వరసగానే చదువుతుంది. బాబేజ్ అయితే తన యంత్రాన్ని, వచ్చిన ఫలితాన్ని బట్టి అట్టల్ని వెనక్కి తిప్పి మళ్లీ చదవగలిగేలా గీశాడు. పాపం, అది ఆయన బతికుండగా పూర్తి కాలేదు.