తెర ఫోటోల్లో చారలు పోగొడతామంటూ అమ్ముతున్న ఫిల్టర్‌ విషయంలో జాగ్రత్త

విశాఖపట్నంలో కెమెరా సామాను కొనేవారికి ఈ హెచ్చరిక. టీవీ, కంప్యూటర్ తెరలను ఫోటో తీసినప్పుడు వచ్చే నల్లటి పట్టీలనూ, రంగురంగుల అలల్లాంటి మోయిరే గీతలనూ రెండింటినీ పోగొడుతుందని చెప్పి నగరంలోని ఒక దుకాణంవారు లెన్స్ ముందు బిగించే ఫిల్టర్ ఒకటి అమ్ముతున్నారు. గాజువాకలో పాత టీవీలు, మానిటర్లు బాగుచేసి అమ్ముకునే మా బావమరిది, తెర వెలుగుతున్నట్టు ఫోటో పెడితేనే కొనేవారు నమ్ముతారు కాబట్టి, దానిని 1,800 రూపాయలకు కొన్నాడు. ఇంటికి తెచ్చి పరీక్షించి చూస్తే అది కాంతిని పదహారో వంతుకు తగ్గించే మామూలు బూడిదరంగు గాజు; దానిమీద పలుచని మంచులాంటి పూత ఒకటి ఉంది, అంతే.

దుకాణంలో చూపించిన ప్రదర్శన మాత్రం అబద్ధం కాదు, అందుకే ఎవరైనా నమ్ముతారు. ఐఎస్ఓ 1600 దగ్గర కట్టేసి, లెన్స్ రంధ్రం f/8 దగ్గర ఉంచి, షట్టర్ వేగాన్ని కెమెరాకే వదిలేశారు. ఫిల్టర్ లేనప్పుడు కెమెరా 1/250 సెకను ఎంచుకుంది, పాత పిక్చర్ ట్యూబు టీవీ మీద వెడల్పాటి నల్ల పట్టీ పడింది. ఫిల్టర్ బిగించగానే వెలుతురు చాలక కెమెరా తనంతట తాను 1/15 సెకనుకు దిగింది, పట్టీ దాదాపు కనిపించకుండా పోయింది. పట్టీని తీసేసింది షట్టర్, పేరు మాత్రం గాజుకు దక్కింది. కెమెరా వెనుక తెర మీద షట్టర్ అంకె మారడాన్ని గమనించినవారికి ఈ కిటుకు అక్కడే దొరికిపోతుంది.

కారణం ఇదీ. మన దేశంలోని పాత ట్యూబు టీవీ తెరను పైనుంచి కిందికి ఒకసారి గీయడానికి 1/50 సెకను పడుతుంది. షట్టర్ 1/250 సెకను మాత్రమే తెరుచుకుంటే ఆ వ్యవధిలో తెరలో సుమారు ఐదో వంతు మాత్రమే కొత్తగా గీయబడుతుంది, మిగిలినది చీకటిగా పడుతుంది. 1/15 సెకనులో తెర మొత్తాన్ని మూడుసార్లకు పైచిలుకు గీయడం పూర్తవుతుంది కాబట్టి కొంత భాగం మూడుసార్లు, కొంత భాగం నాలుగుసార్లు వెలిగి, పలుచని పట్టీ ఇంకా మిగులుతుంది. ఫిల్టర్‌తో తీసిన ఫోటోలో మాకు కనిపించినది సరిగ్గా అదే. అర సెకను ఉంచితే తెర మొత్తం సరిగ్గా ఇరవై ఐదుసార్లు గీయబడుతుంది, పట్టీ మిగలడానికి చోటుండదు.

కాబట్టి ఫిల్టర్ తీసేసి, కెమెరాను స్టాండు మీద పెట్టి, ఫ్లాష్ ఆపి, అంకెలన్నీ మనమే పెట్టుకునే M పద్ధతిలో ఐఎస్ఓ 100, f/22, అర సెకను పెట్టి, చేయి తగలకుండా టైమర్‌తో తీశాము. తెర మీద కదలని బొమ్మ ఉంచాము, లేకపోతే ఇంత సేపట్లో అది అలుక్కుపోతుంది. పట్టీ పూర్తిగా పోయింది. తరువాత ఫిల్టర్ బిగించి M పద్ధతిలోనే దుకాణంలోలాగా ఐఎస్ఓ 1600, f/8 ఉంచి 1/250 పెట్టి చూస్తే, ఫోటో నల్లబడింది తప్ప పట్టీ పోలేదు.

ఎల్‌సీడీ మానిటర్లకు ట్యూబు ఉండదు గనుక ఈ లెక్క వర్తించదు. వాటిలో పట్టీలు సాధారణంగా వెనుక దీపాన్ని వేగంగా ఆర్పి వెలిగించడంవల్ల వస్తాయి, ముఖ్యంగా శబ్దంలేని ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసినప్పుడు. మానిటర్ వెలుగును నూటికి నూరు పెంచి, షట్టర్ నెమ్మది చేస్తే చాలావరకు తీరిపోతుంది.

ఇక మోయిరే సంగతి. తెరలోని చుక్కల వరుసలూ కెమెరా సెన్సర్‌లోని చుక్కల వరుసలూ దాదాపు ఒకే దగ్గరితనంలో ఒకదానిపై ఒకటి పడినప్పుడు ఆ అలలు పుడతాయి. రెండు దోమతెరలను ఒకదానిమీద ఒకటి పట్టుకుంటే కనిపించేవి అవే. ఆ ఫిల్టర్‌లోని మంచు పూత వాటిని కొంత తగ్గించిన మాట నిజమే, కానీ అక్షరాల అంచులనూ అంతే అలుకుతుంది. కెమెరాను కొద్ది అంగుళాలు ముందుకో వెనక్కో జరపడం, కాస్త పక్కకు తిప్పడం, ఫోకస్‌ను వెంట్రుకవాసి తప్పించడం పైసా ఖర్చు లేకుండా అదే పని చేస్తాయి. f/22 దగ్గర సహజంగా వచ్చే మెత్తదనం కూడా తోడ్పడుతుంది. అయితే కెమెరా వెనుక చిన్న తెర మీద కనిపించే అలలను నమ్మవద్దు. బొమ్మను కుదించి చూపడంవల్ల కూడా అవి పుడతాయి, పూర్తి పరిమాణానికి పెద్దది చేసి చూశాకే నిర్ణయించాలి.

సీలు విప్పామన్న సాకుతో దుకాణంవారు వెనక్కి తీసుకోలేదు. మీలో ఎవరికైనా ఇలాంటిది చూపిస్తే, డబ్బు ఇచ్చేముందు M పద్ధతిలో ఫిల్టర్‌తోనూ, ఫిల్టర్ లేకుండానూ ఒకే షట్టర్ వేగంతో తీసి చూపమనండి, చారలు పోతాయన్న మాటను బిల్లు మీద రాసివ్వమనండి. మా బిల్లులో కేవలం “ఫిల్టర్” అని ఉంది, చారల మాట పెట్టె మీద మాత్రమే ఉంది. ఆ పెట్టెనూ, రెండు ఫోటోలనూ జతచేసి జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 ద్వారా ఫిర్యాదు నమోదు చేశాము.