ముందు ఫోటోనా, టెర్మినల్ ఫోటోనా?

కరెంటు హద్దు దాటితే తనంతట తానే ఆపేసే ఎంసీబీ నకిలీదేమోనన్న అనుమానం వచ్చినప్పుడు రెండు ఫోటోలు అడగొచ్చు. ఒకటి అక్షరాలు కనిపించే ముందు వైపుది, రెండోది టెర్మినల్‌ది, అంటే వైరు బిగించే చోటుది.

ముందు ఫోటో తీయడం తేలిక. ఇళ్లకు వాడే అసలు ఎంసీబీ మీద రేటింగ్ C16 లాగా ఉంటుంది, చివర A ఉండదు. షార్ట్ సర్క్యూట్‌ను తెంచే సామర్థ్యం చెప్పే 6000 లాంటి అంకె చిన్న పెట్టెలో, అదీ A లేకుండా ఉంటుంది. "C16A" అనో "6000A" అనో కనిపిస్తే నేనైతే అక్కడే ఆగిపోతాను. కానీ ముద్రణ కాపీ కొట్టడం చాలా సులువు కాబట్టి, అక్షరాలు సరిగ్గా ఉన్నంత మాత్రాన అసలుదని నమ్మలేం.

టెర్మినల్ ఫోటోకి కాస్త శ్రమ పడాలి: దగ్గరగా, పక్కనుంచి వెలుతురు పడేలా, స్క్రూ విప్పి ఒకటి, బిగించి ఒకటి. పలుచని రేకు బిగింపు ఒరిగి ఉండటం, స్క్రూ తల గాడి మధ్యలో లేకపోవడం, రెండు అచ్చు భాగాలు కలిసే గీత దగ్గర ప్లాస్టిక్ పొర మిగలడం ఇక్కడ దొరికిపోతాయి. వీటిని బాగు చేయాలంటే అచ్చుకే ఖర్చు పెట్టాలి, నకిలీవాళ్లు పెట్టరు.

స్విచ్‌కైతే వెనక వైపు చూడాలి. అసలు నమూనాలో రేటింగ్ అచ్చులోనే పోతపోసి ఉండి, మీ దానిపై సిరాతో ఉంటే అనుమానించాలి.

మొత్తం నకిలీగా చేసినదానికి టెర్మినల్ ఫోటో మేలు. అసలు C16నే చెరిపి C32గా మార్చారనుకోండి, టెర్మినల్ నిక్షేపంగా ఉంటుంది. అప్పుడు ముందు ఫోటోయే పట్టిస్తుంది. కరెంటు తెగేటప్పుడు లోపల పుట్టే ఆర్క్‌ను ఆర్పే పలకలు ఉన్నాయో లేదో రెండూ చెప్పలేవు.