రెండేళ్లుగా ఆర్చర్ సీ6: మొదటి రోజు ఆరెంజ్ లైటు దగ్గరే సగం పూట పోయింది

టీపీ-లింక్ ఆర్చర్ సీ6 రూటర్ మా ఇంట్లో రెండేళ్లకు పైగా నడుస్తోంది. స్పీడు గురించి కొత్తగా చెప్పేదేం లేదు, మా 100 ఎంబీపీఎస్ ప్లానుకు ఇది ఎక్కువే. నేను చెప్పాలనుకున్నది దాన్ని నెట్ వాళ్ల మోడెమ్‌కు కలిపిన మొదటి రోజు సంగతి.

మాది లోకల్ ఫైబర్ కనెక్షన్. గోడకు బిగించిన తెల్ల డబ్బాను అందరం మోడెమ్ అంటాం కానీ, అందులో ఒక చిన్న రూటర్ కూడా ఉంటుంది. ఫైబర్ దానికే వస్తుంది. డబ్బా లాన్ పోర్టు నుంచి కొత్త రూటర్‌లో బయటి నెట్ తీసుకునే నీలం రంగు వాన్ పోర్టుకు కేబుల్ పెట్టాను. మిగతా నాలుగు పోర్టుల్లో పెడితే ఈ పని సాగదు.

రూటర్ అడుగున స్టిక్కర్ మీదున్న వైఫై పేరు, పాస్‌వర్డ్‌తో ఫోన్ కలిపి, బ్రౌజర్‌లో `tplinkwifi.net` కొట్టాను. తెరుచుకోలేదు. ఆ వైఫైలో ఇంకా నెట్ లేదు కాబట్టి ఫోన్ చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకు మారిపోయింది! డేటా ఆపేసి, `http://192.168.0.1` అని పూర్తిగా టైప్ చేస్తే పేజీ వచ్చింది. ముందుగా అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, ఈ పేజీ తాళం మాత్రమే.

తర్వాత కనెక్షన్ రకం అడిగింది. `Auto Detect` నొక్కితే `Dynamic IP` అని తేల్చింది. నెట్ వచ్చింది, రూటర్ మీది ఇంటర్నెట్ లైటు పచ్చగా మారింది. అంతా అయిపోయిందనుకున్నాను. సాయంత్రం చూస్తే, డబ్బా వైఫైలో ఉన్న ప్రింటర్‌ను కొత్త రూటర్‌కు కలిపిన నా ల్యాప్‌టాప్ వెతికి పట్టుకోలేకపోతోంది. స్టేటస్ పేజీలో వాన్ ఐపీ, అంటే రూటర్‌కు బయటి వైపు అందిన నంబరు, `192.168.1.5` అని ఉంది. అలాంటి నంబరు ఇంటి లోపల ఇచ్చుకునేది, బయటి నెట్‌ది కాదు. అంటే ఒక రూటర్ వెనక ఇంకో రూటర్ కూర్చుంది. బ్రౌజింగ్‌కు, యూట్యూబ్‌కు దీంతో తేడా తెలియదు. ఆ అవసరాలే ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోయినా నష్టం లేదు.

నాకు అలా వదిలేయబుద్ధి కాలేదు. నెట్ ఆయనకు ఫోన్ చేసి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తీసుకుని, రూటరే నెట్ కంపెనీకి లాగిన్ అయ్యే `PPPoE` రకం ఎంచుకుని కొట్టాను. లైటు ఆరెంజ్ అయి కూర్చుంది. పాస్‌వర్డ్ తప్పేమోనని ఆరుసార్లు కొట్టుంటాను. నిజానికి పాస్‌వర్డ్ తప్పైతే `Authentication failed` లాంటి మాట కనిపించాలి. నాకు అదేం లేదు, ఐపీ దగ్గర `0.0.0.0` మాత్రమే. నా లాగిన్ అసలు అవతలికి చేరడమే లేదన్నమాట. డబ్బా తానే రూటర్‌గా ఉండి లాగిన్ అవుతున్నంత కాలం, వెనకున్న రూటర్ లాగిన్‌ను అది మామూలుగా బయటికి పంపదు. లాగిన్ ఎవరో ఒక్కరే కావాలి.

మళ్లీ ఫోన్ చేసి, "అన్నా, డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టు, వైఫై కూడా ఆపెయ్" అన్నాను. అంటే డబ్బా రూటర్ పని మానేసి లైన్‌ను నేరుగా నా రూటర్‌కు అందించడమే. ఆయన ఆఫీసు నుంచే మార్చాడు. అప్పుడు కూడా వెంటనే రాలేదు. డబ్బా చేసిన పాత లాగిన్ అవతల ఇంకా తెగలేదట. రెండూ ఆపి, ఓ పది నిమిషాల తర్వాత ముందు డబ్బా, అది నిలదొక్కుకున్నాక రూటర్ వేస్తే లైటు పచ్చగా మారింది. కొన్ని చోట్ల కనెక్షన్‌ను పాత డబ్బా గుర్తింపు నంబరైన మ్యాక్ అడ్రస్‌కు కట్టేస్తారు. అక్కడ అది కూడా ఆయన చేతే మార్పించుకోవాలి.

ఒక్క పని మాత్రం తెలివిగా చేశాను. కొత్త వైఫైకి పాత డబ్బా వైఫై పేరు, పాస్‌వర్డే పెట్టాను. టీవీ, ప్రింటర్, అమ్మ ఫోన్ అన్నీ వాటంతటవే వచ్చి కలిశాయి.

కెమెరా ఫీడ్‌ను బయటి నుంచి చూడాలన్న కోరిక మాత్రం తీరలేదు. ఇప్పుడు వాన్ ఐపీ `100.72` తో మొదలవుతోంది. `100.64` నుంచి `100.127` దాకా ఉన్నవి నెట్ కంపెనీ చాలా ఇళ్లకు కలిపి వాడే లోపలి నంబర్లు. బయటి నుంచి వచ్చేవాటిని కెమెరాకు మళ్లించే పోర్ట్ ఫార్వర్డింగ్ మన రూటర్‌లో ఎంత పెట్టినా బయటి నుంచి దారి ఉండదు. విడిగా పబ్లిక్ ఐపీ కొనుక్కోవాలి, నేను కొనలేదు.

ఈ రెండేళ్లలో ఒకసారే గట్టిగా ఆగింది. లైన్ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు డబ్బాను రీసెట్ చేసి వెళ్లాడు. మళ్లీ ఆరెంజ్ లైటు, మళ్లీ `0.0.0.0`. ఈసారి పాస్‌వర్డ్ జోలికి పోలేదు, నేరుగా ఫోన్ చేసి బ్రిడ్జ్ పోయిందని చెప్పాను. లాగిన్ వివరాలు మాత్రం అప్పటి నుంచి రూటర్ అడుగున కాగితం అంటించి రాసుకున్నాను, మన రూటర్‌ను రీసెట్ చేస్తే అవి కూడా పోతాయి కాబట్టి.